ఈ గీత ఏ మెట్టు నుంచి దిగింది? హైడ్రోజన్ వర్ణపట రేఖలను లెక్కతో గుర్తుపట్టడం

హైడ్రోజన్ డిశ్చార్జ్ ట్యూబ్ ముందు స్పెక్ట్రోమీటర్ పెట్టి చూస్తే ఒక ఎర్ర గీత, ఒక ఆకుపచ్చ కలిసిన నీలి గీత, ఆ తర్వాత ఊదా రంగులో ఒకటో రెండో గీతలు కనిపిస్తాయి. పుస్తకంలో పట్టిక తెరిచి "ఎర్రది 3 నుంచి 2కి, నీలిది 4 నుంచి 2కి" అని రాసేయడం రెండు నిమిషాల పని. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే రాశాను. ఊదా గీత ఒకటి 435.8 నానోమీటర్ల దగ్గర వచ్చింది, పట్టికలో 434.05 ఉంది. తేడా 0.4 శాతమే కదా అని సంతోషంగా "5 నుంచి 2" అని వేసేశాను. తర్వాత తెలిసింది, అది హైడ్రోజన్ గీతే కాదు. గది పైకప్పుకు ఉన్న ట్యూబ్‌లైట్‌లోని పాదరసం గీత! అసలు హైడ్రోజన్ గీత దాని పక్కనే మసకగా ఉంది, నేను దాన్ని చూడలేదు.

అందుకే ఇక్కడ పట్టికతో పోల్చే దారి వదిలేసి మరో దారి పడదాం. ముందు సూత్రం నుంచి తరంగదైర్ఘ్యాలు లెక్కగడదాం. తర్వాత కొలిచిన తరంగదైర్ఘ్యాన్ని అదే సూత్రంలోకి వెనక్కి పంపి "నువ్వు ఏ స్థాయి నుంచి వచ్చావు?" అని అడుగుదాం. జవాబు పూర్ణాంకం రావాలి. ఎంత దగ్గరగా వస్తే పూర్ణాంకం అని ఒప్పుకోవాలో తేల్చుకోవడమే ఇందులో అసలు పని.

## శక్తి స్థాయి నుంచి తరంగదైర్ఘ్యం

హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్ శక్తి n అనే పూర్ణాంకం మీద మాత్రమే ఆధారపడుతుందని బోర్ నమూనా చెబుతుంది:

E_n = −13.6 / n² (eV)

మొదటి మెట్టు −13.6, రెండోది −3.40, మూడోది −1.51, నాలుగోది −0.85. పైకి వెళ్లేకొద్దీ మెట్ల మధ్య ఎడం తగ్గిపోతుంది. సున్నా దగ్గర అవన్నీ ఇరుక్కుపోతాయి, ఆ పైన ఎలక్ట్రాన్ పరమాణువుకు కట్టుబడి ఉండదు.

ఎలక్ట్రాన్ n2 అనే పై మెట్టు నుంచి n1 అనే కింది మెట్టుకు దిగితే, ఆ రెండు శక్తుల తేడా ఒక ఫోటాన్‌గా బయటికి వస్తుంది. 3 నుంచి 2కి దిగితే తేడా 3.40 − 1.51 = 1.89 eV. ఫోటాన్ శక్తిని eVలో, తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలో తీసుకుంటే వాటి లబ్ధం దాదాపు 1240. కాబట్టి 1240ని 1.89తో భాగిస్తే 656 నా.మీ. ఎర్ర గీత దొరికింది.

ప్రతిసారీ శక్తులు తీసి, వాటి తేడా తీసి, మళ్లీ భాగించడం ఎందుకు? అన్నీ కలిపేస్తే ఒకే వరుస మిగులుతుంది:

λ = L × (n1² × n2²) / (n2² − n1²),  L = 91.176 nm

ఇక్కడ L అంటే 1240 / 13.6 అన్నమాట, కాస్త ఖచ్చితంగా రాసింది. రిడ్‌బర్గ్ స్థిరాంకానికి విలోమం కూడా ఇదే. 3→2కి భిన్నం 36/5 = 7.2, కాబట్టి λ = 656.47. 4→2కి 16/3, అంటే 486.27. చేత్తోనే చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక చిన్న పేచీ ఉంది, చాలామంది ఇందులో పడతారు. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే రిడ్‌బర్గ్ విలువ 1.09737 × 10⁷ m⁻¹. అది కేంద్రకం అనంతమైన బరువుతో కదలకుండా ఉందనుకుని రాసిన విలువ. నిజమైన హైడ్రోజన్‌లో ప్రోటాన్, ఎలక్ట్రాన్ కన్నా 1836 రెట్లు మాత్రమే బరువు, అందుకని అదీ కొద్దిగా కదులుతుంది. ఆ కదలికను లెక్కలోకి తీసుకుంటే హైడ్రోజన్‌కు 1.09678 × 10⁷ వస్తుంది. 0.05 శాతం తేడాకు ఇంత గొడవ దేనికి అనిపించవచ్చు గానీ, ఎర్ర గీత దగ్గర అది 0.36 నా.మీ. మంచి పరికరం ఉన్నవాళ్లకు అది చాలా పెద్ద తేడా. నేను పైన ఇచ్చిన 91.176లో ఈ సవరణ కలిసే ఉంది.

## శ్రేణులు ఎక్కడెక్కడ ఉంటాయి

కింది మెట్టు n1 ఏదైతే దాన్నిబట్టి శ్రేణి పేరు. ఒకే మెట్టు మీదకు దిగే గీతలన్నీ ఒక కుటుంబం. ప్రతి కుటుంబానికీ పొడవైన చివర ఒక మొదటి గీత ఉంటుంది, పొట్టి చివర ఒక హద్దు ఉంటుంది. n2 పెరిగేకొద్దీ గీతలు ఆ హద్దు వైపు దగ్గరదగ్గరగా ముసురుకుంటాయి. హద్దు విలువ L × n1².

లైమన్ శ్రేణి (n1 = 1) 121.6 నుంచి 91.2 వరకు, అంతా అతినీలలోహితంలోనే. బామర్ శ్రేణి (n1 = 2) 656.5 నుంచి 364.7 వరకు, కంటికి కనిపించేది ఇదొక్కటే. పాశ్చన్ (n1 = 3) 1876 నుంచి 820.6 వరకు, పరారుణంలో. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవవు, మధ్యలో ఖాళీలున్నాయి. అందుకే కంటికి కనిపించే హైడ్రోజన్ గీతకు n1 ఎంత అన్న ప్రశ్నే రాదు, అది 2.

ఈ సుఖం పాశ్చన్ దాకానే. బ్రాకెట్ శ్రేణి (n1 = 4) 4052 దగ్గర మొదలై 1459 దాకా దిగుతుంది, అంటే పాశ్చన్ మొదటి గీత 1876 దాని మధ్యలో పడుతుంది. పరారుణంలో పనిచేసేవాళ్లు n1, n2 రెండింటినీ వెతకాలి. మనం బామర్‌తోనే సాగుదాం, పద్ధతి అన్నిటికీ ఒకటే.

## గాలికీ శూన్యానికీ తేడా

సూత్రం ఇచ్చేది శూన్యంలోని తరంగదైర్ఘ్యం. మన స్పెక్ట్రోమీటర్ ఉండేది గాలిలో. గాలి వక్రీభవన గుణకం దాదాపు 1.00028, కాబట్టి గాలిలో తరంగదైర్ఘ్యం అంత మేరకు తగ్గుతుంది. ఎర్ర గీత 656.47 నుంచి 656.29కి వస్తుంది. పట్టికల్లో ఉండే 656.28 గాలిలోని విలువ. మిగిలిన 0.01 సూత్రం తప్పు: ఆ గీత నిజానికి అతి సన్నని గీతల కట్ట, ఆ సూక్ష్మ నిర్మాణం బోర్ సూత్రానికి అందదు.

కదలని కేంద్రకం విలువ వాడి, గాలి సంగతి మరిచిపోతే 656.11 వస్తుంది. సరైన స్థిరాంకం వాడి గాలి సంగతి మరిచిపోతే 656.47 వస్తుంది. ఒకటి పట్టిక విలువకు 0.17 కింద, ఇంకొకటి 0.19 పైన. రెండు తప్పులు చేసినవాడికి ఒక్క తప్పు చేసినవాడి కన్నా మంచి జవాబు! మన లెక్క పట్టికకు దగ్గరగా వచ్చిందంటే అన్నీ సరిగా చేశామని కాదు.

గాలిలో కొలిచేటప్పుడు సులువైన దారి, L విలువనే గాలికి సరిపడేలా 91.15 తీసుకోవడం. బామర్ హద్దు అప్పుడు 364.60. ఆ లెక్కన వచ్చే గీతలివి:

| n2 → 2 | పేరు | గాలిలో (నా.మీ.) |
|---|---|---|
| 3 | హెచ్-ఆల్ఫా | 656.28 |
| 4 | హెచ్-బీటా | 486.13 |
| 5 | హెచ్-గామా | 434.05 |
| 6 | హెచ్-డెల్టా | 410.17 |
| 7 | హెచ్-ఎప్సిలాన్ | 397.01 |

ఖగోళ డేటా తీసుకునేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. స్లోన్ డిజిటల్ స్కై సర్వే వర్ణపటాల్లో తరంగదైర్ఘ్యాలు శూన్యంలోవే ఇస్తారు. వాటి పక్కన ఈ పట్టిక పెడితే గీతలన్నీ కొద్దిగా ఎరుపు వైపు జరిగినట్టు కనిపిస్తాయి. అది నక్షత్రం వేగం కాదు, మన గాలి.

## కోణం నుంచి తరంగదైర్ఘ్యం

ఇప్పుడు ఒక కొలత తీసుకుని చివరిదాకా నడుద్దాం. మిల్లీమీటరుకు 600 గీతలున్న గ్రేటింగ్ అనుకోండి. గీతకూ గీతకూ ఎడం d = 1666.67 నా.మీ. మొదటి క్రమంలో λ = d sin θ. కాంతి గ్రేటింగ్ మీద నిలువుగా పడేలా సర్దుకోవడం ఎప్పుడూ పూర్తిగా కుదరదు, కాబట్టి ఎడమ వైపు ఒక రీడింగ్, కుడి వైపు ఒక రీడింగ్ తీసుకుని, రెండింటి మధ్య కోణాన్ని (2θ) సగం చేయాలి. ఒకవైపు రీడింగ్‌తోనే సరిపెట్టుకుంటే గ్రేటింగ్ కొద్దిగా వంకరగా ఉన్నా గీతలన్నీ ఒకే దిక్కుకు జరుగుతాయి.

హైడ్రోజన్‌కు ముందు సోడియం దీపం పెట్టి ఒకసారి చూసుకోవడం మంచిది. ఈ గ్రేటింగ్‌కు సోడియం పసుపు గీత (589.3) 2θ విలువ 41°25′ దగ్గర రావాలి. రాకపోతే గ్రేటింగ్ మీద రాసిన 600 అన్న అంకెను నమ్మకుండా, సోడియం నుంచే d లెక్కగట్టుకోవాలి.

ఇక హైడ్రోజన్ ట్యూబ్. అయిదు గీతలు దొరికాయనుకుందాం:

| 2θ | θ | λ (నా.మీ.) |
|---|---|---|
| 46°22′ | 23°11′ | 656.12 |
| 33°54′ | 16°57′ | 485.90 |
| 30°19′ | 15°9.5′ | 435.81 |
| 30°10′ | 15°5′ | 433.71 |
| 28°30′ | 14°15′ | 410.26 |

వెర్నియర్‌లో ఒక నిమిషం తప్పు పడితే తరంగదైర్ఘ్యం ఎంత మారుతుంది? d cos θ ను ఒక నిమిషం కోణంతో (0.000291 రేడియన్) గుణిస్తే, ఈ గీతలన్నిటి దగ్గరా 0.45 నుంచి 0.47 వస్తుంది. గుండ్రంగా మన కొలతలో సందేహం 0.5 నా.మీ. అనుకుందాం. ఈ అంకెను పారేయకండి, తీర్పు చెప్పేది ఇదే.

410 దగ్గరి గీత కొంతమందికి అసలు కనిపించదు. కంటికి ఆ రంగు మీద చూపు తక్కువ, పైగా గీత బలహీనమైనది. గది పూర్తిగా చీకటి చేసి, అయిదారు నిమిషాలు ఆగి చూడాలి. కనిపించలేదని లేదనుకోకూడదు.

## వెనక్కి లెక్క: n2 ఎంత?

సూత్రాన్ని తిరగేస్తే బామర్ శ్రేణికి ఇలా వస్తుంది:

n2 = 2 / √(1 − 364.60/λ)

మొదటి గీతకు చేద్దాం. 364.60/656.12 = 0.5557. ఒకటిలోంచి తీసేస్తే 0.4443. వర్గమూలం 0.6666. రెండును దానితో భాగిస్తే 3.0005. మిగతావి కూడా ఇలాగే చేస్తే 4.003, 4.948, 5.010, 5.995 వస్తాయి.

ఇప్పుడు తీర్పు. 5.010ని 5 అని ఒప్పుకుంటే 4.948ని కూడా 5 అనే ఒప్పుకోవాలా? 5.995 సంగతేమిటి? ఇక్కడ కంటి అంచనా పనికిరాదు. తరంగదైర్ఘ్యంలోని 0.5 తప్పు n2లో ఎంత తప్పుగా మారుతుందో లెక్కగట్టాలి. అది ఇలా ఉంటుంది:

Δn2 = (n2³ × L × Δλ) / (2 λ²)

n2 ఘనం ఉంది చూడండి. కథంతా అందులోనే ఉంది. మెట్లు పైకి వెళ్లేకొద్దీ ఇరుకవుతాయి కాబట్టి, అదే 0.5 తప్పు పై మెట్ల దగ్గర చాలా ఎక్కువగా కనిపిస్తుంది.

| λ | లెక్కలో n2 | పూర్ణాంకానికి దూరం | ఒప్పుకోదగిన తప్పు |
|---|---|---|---|
| 656.12 | 3.0005 | 0.0005 | 0.0014 |
| 485.90 | 4.003 | 0.003 | 0.006 |
| 435.81 | 4.948 | 0.052 | 0.015 |
| 433.71 | 5.010 | 0.010 | 0.015 |
| 410.26 | 5.995 | 0.005 | 0.029 |

నాలుగు గీతలు తమ హద్దులో ఉన్నాయి. 435.81 మాత్రం ఒప్పుకోదగిన దానికి మూడున్నర రెట్లు అవతల ఉంది. 0.4 శాతం తేడా అన్నప్పుడు అమాయకంగా కనిపించిన గీత, ఇలా అడిగేసరికి దొరికిపోయింది. అది పాదరసం 435.83. నిర్ధారణకు హైడ్రోజన్ ట్యూబ్ స్విచ్ ఆపి చూడండి, ఆ గీత అలాగే ఉంటుంది. పాదరసం ఒంటరిగా రాదు కూడా, దాని ఆకుపచ్చ గీత 546.07 దగ్గర వెతికితే తప్పకుండా కనిపిస్తుంది.

ట్యూబ్ నుంచే వచ్చినా సూత్రానికి లొంగని గీతలుంటాయి. లోపల పరమాణువులే కాదు, విడిపోని హైడ్రోజన్ అణువులు కూడా వెలుగుతాయి. ముఖ్యంగా 600 నుంచి 640 మధ్య నారింజ, ఎరుపుల్లో సన్న గీతల గుంపు వాటిదే. రెండు కేంద్రకాలున్న అణువుకు ఈ మెట్ల సూత్రం వర్తించదు. వాటిని n2 లెక్కలో పెడితే 3.1, 3.2 లాంటివి వస్తాయి, గాభరా పడక్కర్లేదు.

ఈ పరీక్షకు ఒక బలహీనత ఉంది. హద్దు వైపు వెళ్లేకొద్దీ అది మొద్దుబారుతుంది. n2 = 8 గీత (388.9) దగ్గర 0.5 తప్పుకు n2లో 0.08 వరకు సందేహం. n2 = 12 దగ్గర అది 0.28కి చేరుతుంది, అంటే పూర్ణాంకానికి అతి దూరంగా ఉండగల విలువ 0.5 కాబట్టి, ఏ చెత్త గీత పెట్టినా సగం పైగా సార్లు పాసైపోతుంది. అక్కడ "పూర్ణాంకం వచ్చింది" అన్నమాటకు విలువ లేదు. పై మెట్ల గీతలు కావాలంటే పరికరం మార్చాలి తప్ప లెక్కతో నెగ్గలేం.

ఇంకో వింత కూడా చెప్పి ముందుకెళ్తాను. పరారుణం వరకు చూడగల కెమెరా స్పెక్ట్రోమీటర్లో 820.35 దగ్గర పదునైన గీత వస్తే, పాశ్చన్ హద్దు (గాలిలో 820.36) దొరికిందని సంబరపడొచ్చు. కానీ హద్దు దగ్గర గీతలు కలిసిపోవాలి, అక్కడ ఒంటరిగా పదునైన గీత ఉండకూడదు. అది 410.17 గీతే, గ్రేటింగ్ రెండో క్రమంలో రెట్టింపై కనిపిస్తోంది. హెచ్-డెల్టాకు భిన్నం 4.5, పాశ్చన్ హద్దుకు 9, అందుకే అంత సరిగ్గా కలిసింది. ముందు పొట్టి తరంగదైర్ఘ్యాలను ఆపే ఫిల్టర్ పెడితే మాయమవుతుంది.

## స్కేలే తప్పైతే: నిష్పత్తులు

ఇంతవరకు మన తరంగదైర్ఘ్యాలు సరైనవే అనుకున్నాం. d విలువే తప్పైతే? అప్పుడు గీతలన్నీ ఒకే నిష్పత్తిలో జరుగుతాయి, n2 లు అన్నీ చెదిరిపోతాయి. కానీ ఒక గీతను ఇంకో గీతతో భాగిస్తే ఆ తప్పు కొట్టుకుపోతుంది. L కూడా కొట్టుకుపోతుంది. మిగిలేవి పూర్ణాంకాలు మాత్రమే.

హెచ్-ఆల్ఫాను హెచ్-బీటాతో భాగిస్తే సరిగ్గా 27/20, అంటే 1.35. హెచ్-బీటాను హెచ్-గామాతో భాగిస్తే 1.12. హెచ్-గామాను హెచ్-డెల్టాతో భాగిస్తే 1.0582. తర్వాతది 1.0332. మన కొలతల్లో ఇవి 1.350, 1.120, 1.057 వచ్చాయి. పాదరసాన్ని హెచ్-గామా అనుకుని ఉంటే రెండోది 1.115 వచ్చేది. ఈ వరుస బామర్ శ్రేణి వేలిముద్ర. లైమన్ మొదటి రెండు గీతల నిష్పత్తి 32/27, అంటే 1.185. పాశ్చన్‌కు 1.463. కాబట్టి ఏ శ్రేణో తెలియకపోయినా, స్కేలు తెలియకపోయినా, మూడు గీతలు దొరికితే చాలు.

దీనికి 1963లో జరిగిన సంగతిని మించిన ఉదాహరణ లేదు. 3C 273 అనే రేడియో మూలం ఉన్న చోట నక్షత్రంలా కనిపించే ఒక వస్తువు ఉంది. మార్టెన్ ష్మిట్ పాలోమార్‌లోని 200 అంగుళాల టెలిస్కోపుతో దాని వర్ణపటం తీశాడు. వెడల్పాటి ఉద్గార గీతలు వచ్చాయి. అందులో నాలుగు 563.2, 503.2, 475.3, 459.5 దగ్గర. ఏ మూలకం పట్టికలోనూ అవి కుదరలేదు. పైన చెప్పిన n2 లెక్కలో పెట్టి చూడండి, 563.2కి 3.37 వస్తుంది. హైడ్రోజన్ కాదని పక్కన పెట్టేయాల్సిందే.

భాగించి చూస్తే? 563.2/503.2 = 1.119. 503.2/475.3 = 1.059. 475.3/459.5 = 1.034. బీటా నుంచి ఎప్సిలాన్ దాకా బామర్ గీతల నిష్పత్తులు 1.120, 1.058, 1.033. గీతలు వెడల్పైనవి కాబట్టి మూడో దశాంశంలో ఒక అంకె తేడా సహజమే. వరుస మాత్రం అదే. ఇక ఒక్కో గీతను దాని అసలు విలువతో భాగించండి: 563.2/486.13 = 1.1585, 503.2/434.05 = 1.1593, 475.3/410.17 = 1.1588, 459.5/397.01 = 1.1574. అన్నీ దాదాపు 1.158 చుట్టూనే. అంటే మొత్తం వర్ణపటం 15.8 శాతం ఎరుపు వైపు సాగింది. ఆ వస్తువు మన గెలాక్సీలోని నక్షత్రం కాదు, ఎంతో దూరంలో ఉన్న క్వేజార్.

ఇలాంటి గుర్తింపు నిలబడాలంటే ఇంకా చూడని గీత ఎక్కడ రావాలో ముందే చెప్పగలగాలి. హెచ్-ఆల్ఫా 656.28ని 1.158తో గుణిస్తే 760. జె. బి. ఓక్ ఆ వస్తువు పరారుణ వర్ణపటంలో సరిగ్గా అక్కడే బలమైన గీతను చూశాడు. మిగిలిపోయిన గీతల్లో 323.9ని 1.158తో భాగిస్తే 279.7 వస్తుంది, అది మెగ్నీషియం గీత. అన్నీ ఒకే అంకెకు లొంగాయి.

దీన్నుంచి పని నేర్చుకోవాలంటే వరుస ఇది. ముందు గీతలను పొడవు నుంచి పొట్టికి పేర్చండి. పక్కపక్క నిష్పత్తులు తీయండి. అవి 1 వైపు తగ్గుతూ పోవాలి. తగ్గుతూ మధ్యలో ఒకటి పెరిగిందంటే అక్కడ పరాయి గీత దూరింది, లేదా ఒక హైడ్రోజన్ గీత తప్పిపోయింది. మన పట్టికలో పాదరసాన్ని తీసేయకుండా నిష్పత్తులు తీస్తే 1.350, 1.115, 1.005, 1.057 వస్తాయి. మూడోది పడిపోయి నాలుగోది లేచింది. అనుమానం ఎక్కడో అక్కడే తెలిసిపోయింది.

## సగాలు వస్తే

చివరిగా, పూర్ణాంకం రాకపోయినా పారేయకూడని గీతలు కొన్ని ఉన్నాయి. n2 లెక్కలో 3.24 వస్తే పరాయిది. కానీ 3.50 వస్తే ఆగి ఆలోచించాలి.

1896లో హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పికరింగ్ జీటా పపిస్ అనే నక్షత్రం వర్ణపటంలో బామర్ గీతల మధ్యలో ఇంకో వరుస గీతలున్నాయని చూశాడు. బామర్ సూత్రంలో పూర్ణాంకాల బదులు సగాలు పెడితే అవి సరిపోయాయి. కొన్నేళ్లపాటు అవి ఏదో ప్రత్యేక స్థితిలోని హైడ్రోజన్‌వే అనుకున్నారు. 1913లో బోర్ వేరే మాట చెప్పాడు: అవి ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హీలియంవి. దాని కేంద్రకం ఆవేశం రెండు, కాబట్టి శక్తులన్నీ నాలుగు రెట్లు. హీలియం అయాన్‌లో 7 నుంచి 4కి దిగితే వచ్చే గీత, హైడ్రోజన్‌లో 3.5 నుంచి 2కి దిగినట్టే ఉంటుంది. అది 541.15 దగ్గర.

అప్పట్లో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ ఒక అభ్యంతరం లేవనెత్తాడు. కొలతల ప్రకారం నిష్పత్తి సరిగ్గా 4 కాదు, 4.0016 దగ్గర ఉంది కదా అని. బోర్ అప్పుడు కేంద్రకం కూడా కదులుతుందన్న సవరణ పెట్టాడు. హీలియం కేంద్రకం బరువెక్కువ, తక్కువ కదులుతుంది. లెక్కగడితే 4.00163. మొదట్లో మనం 0.05 శాతమే కదా అనుకున్న ఆ సవరణే ఇది.

దీనివల్ల మనకో చిక్కుంది. హీలియం అయాన్‌లో 6→4, 8→4 గీతలు సగాలు కావు, అవి హెచ్-ఆల్ఫా, హెచ్-బీటాల పక్కనే పడతాయి. ఆ సవరణ లేకపోతే సరిగ్గా వాటి మీదే పడేవి. ఉన్నది కాబట్టి 656.28 పక్కన 656.01 దగ్గర, 486.13 పక్కన 485.93 దగ్గర వస్తాయి. తేడా 0.27, 0.2. మన గ్రేటింగ్ సందేహం 0.5. అంటే పైన 656.12, 485.90 అని కొలిచిన గీతలు హైడ్రోజన్‌వో హీలియం అయాన్‌వో ఆ కొలతల నుంచి మాత్రమే చెప్పలేం! n2 లెక్కలో అవి రెండూ పాసవుతాయి. చెప్పాల్సింది వాటి మధ్యలో ఉన్న ఖాళీ. 541.15 దగ్గర గీత ఉందా లేదా చూడాలి. అక్కడ చీకటిగా ఉంటేనే ఎర్ర గీత పక్కన "3→2" అని రాయవచ్చు. చూసేటప్పుడు ట్యూబ్‌లైట్ ఆపడం మరవకండి, పాదరసం 546.07 అక్కడికి దగ్గరలోనే ఉంది, దాని n2 విలువ 3.47.